ఫొటోలో నకిలీ చైన్‌ను పట్టడం

ఆన్‌లైన్‌లో సగం ధరకే షిమానో 11 స్పీడ్ చైన్ కనిపిస్తే ముందు ఫొటోను పెద్దది చేసి బయటి పలకలు చూడండి. ఉదాహరణకు సీఎన్-హెచ్‌జీ701 తీసుకుందాం. అసలు చైన్‌లో అక్షరాలు లోహంలోకి అచ్చు దిగి ఉంటాయి, పలక పలకకూ ఒకేచోట, ఒకే లోతులో. నకిలీలో అవి పైపైన గీసినట్టుంటాయి, కొన్ని పలకల మీద పక్కకు జరుగుతాయి. ఒక్క పలక చూసి తీర్పు చెప్పకండి, వరుసగా పది చూడండి.

పూత దగ్గర తొందర వద్దు. ఫ్లాష్ పడితే ఏ చైనైనా తళతళలాడుతుంది. పక్కనుంచి వెలుతురు పడేలా తీసిన ఫొటో అడగండి. పిన్నుల తలలు ఎగుడుదిగుడుగా ఉన్నా, అంచుల దగ్గర పూత పొక్కినట్టున్నా అనుమానించాల్సిందే.

ఇక పెట్టె. దానిమీది మోడల్ నంబరు, చైన్ మీది నంబరు ఒకటేనా? అచ్చుతప్పులున్నాయా? సాదా కవర్లో వచ్చినంత మాత్రాన నకిలీ కాదు. సైకిల్ ఫ్యాక్టరీలకు వెళ్లే సరుకు అలా కూడా వస్తుంది. కాకపోతే ఆ సాకు చెప్పేవాళ్లూ ఎక్కువే.

గేర్ సెట్టుకైనా పద్ధతి ఇదే: పళ్ల చక్రాల మీది అచ్చు చూడాలి. ఉక్కు గట్టిదనం మాత్రం ఏ ఫొటోలోనూ కనిపించదు. పైగా అమ్మేవాడు అసలు సరుకు ఫొటోనే ఎత్తుకొచ్చి పెట్టొచ్చు. ఆ రోజు తేదీ రాసిన చీటీ పక్కన పెట్టి కొత్త ఫొటో తీయమనండి.