తాడాటతో ఏడో ఎక్కం: గంతుల లయలో గుణకారం ఎంతవరకు నిలుస్తుంది?

మూడో తరగతి చదువుతున్న ఎనిమిదేళ్ల పిల్లలను ఏడో ఎక్కం చెప్పమంటే చాలామంది తడబడకుండా చివరిదాకా అప్పజెప్పగలరు. అదే పిల్లలను ‘ఏడెనిమిదుల ఎంత?’ అని ఉన్నట్టుండి అడిగితే కొన్ని క్షణాలు మౌనం. జాగ్రత్తగా గమనిస్తే పెదవులు కదులుతుంటాయి, ఒక్కో వేలూ ముడుచుకుంటుంటుంది. ‘ఏడొకట్ల ఏడు’ దగ్గర మొదలుపెట్టి ఎనిమిదో మెట్టు వరకు ఎక్కిన తరువాత గానీ జవాబు రాదు. వారికి ఎక్కం వచ్చింది, కానీ అందులోని గుణకారం ఇంకా రాలేదు.

ఎక్కాలను పాటలా పలికిస్తూ తాడాట ఆడించడం మన బడుల్లో కొత్తేమీ కాదు. హిందీలో పహాడా, తమిళంలో వాయ్‌పాడు, కన్నడంలో మగ్గి, బెంగాలీలో నామతా అని పిలిచే ఈ వల్లింపు దేశమంతటా ఉన్నదే. అయితే తాడాట వల్ల వరుస మాత్రమే కంఠస్థమవుతుందా, విడివిడి జవాబులు కూడా నిలుస్తాయా అన్నది ఆటను నడిపే తీరుపై ఆధారపడి ఉంటుంది. ఏడో ఎక్కాన్నే ఉదాహరణగా తీసుకుని ఆ తీరును పరిశీలిద్దాం.

నేర్వవలసినవి నాలుగే

పది వరుసలున్న ఏడో ఎక్కం పిల్లలకు కొండలా కనిపిస్తుంది. సాధారణంగా రెండు, పది, ఐదు, ఆ తరువాత మూడు, నాలుగు ఎక్కాలు ముందే వచ్చి ఉంటాయి. మూడేడుల ఇరవై ఒకటి తెలిసిన బిడ్డకు ఏడు మూళ్ల ఇరవై ఒకటి అన్నది వేరే పాఠం కాదు. ఇలా తెలిసినవాటిని తీసివేస్తే నిజంగా కొత్తవి నాలుగే మిగులుతాయి: ఏడారుల నలభై రెండు, ఏడేడుల నలభై తొమ్మిది, ఏడెనిమిదుల యాభై ఆరు, ఏడు తొమ్మిదుల అరవై మూడు. ఆరో ఎక్కం కూడా వచ్చి ఉంటే మిగిలేవి మూడే.

తాడు చేతికివ్వడానికి ముందు ఈ సంగతిని చింతపిక్కలతో చూపించాలి. ఏడేసి పిక్కలు చొప్పున మూడు వరుసలు పేర్చి, పక్కకు తిరిగి చూస్తే అవే మూడేసి చొప్పున ఏడు వరుసలుగా కనిపిస్తాయి. ఈ మెట్టు దాటవేస్తే తాడు దగ్గర పిల్లలు పలికేవి అర్థం లేని శబ్దాలుగానే మిగిలిపోతాయి.

ఒక్కో వరుసకు నాలుగు గంతులు

ఇద్దరు రెండు కొసలు పట్టుకుని తిప్పుతుండగా మధ్యలో ఒకరు గెంతే పొడవాటి తాడు ఈ పనికి అనువైనది. నాలుగున్నర నుంచి ఐదు మీటర్ల నూలు తాడు సరిపోతుంది. గెంతేవారికి తాడు తిప్పే శ్రమ ఉండదు కాబట్టి మనసు లెక్క మీద నిలుస్తుంది. సిమెంటు గచ్చు కంటే చదునైన మట్టినేల మేలు. మధ్యాహ్న భోజనం అయిన వెంటనే ఈ ఆట పెట్టకూడదు.

చాలాచోట్ల ఆట చెడేది లయ దగ్గరే. ఒక్కో గంతుకు ఒక్కో వరుస చొప్పున పలకమంటే మాటలు గంతులో ఇమడవు. ‘ఏడు’ అన్నది రెండక్షరాల మాట, ‘ఏడెనిమిదుల యాభై ఆరు’ అన్నది దానికి ఎన్నో రెట్లు పొడవు. పిల్లలు పొడవైన వరుసల దగ్గర మాటలు మింగేస్తారు. అలా మింగుడుపడే వరుసలే సరిగ్గా కష్టమైనవి కావడం గమనార్హం.

తెలుగు సంఖ్యల నిర్మాణం ఇక్కడ అక్కరకొస్తుంది. ఇరవై దాటిన సంఖ్యలన్నీ పదుల మాట, ఒకట్ల మాటగా విడిపోతాయి. అందువల్ల ఒక్కో వరుసను నాలుగు గంతులకు పంచవచ్చు. మొదటి గంతుకు ‘ఏడు’, రెండో గంతుకు ‘ఎనిమిదుల’, మూడో గంతుకు ‘యాభై’, నాలుగో గంతుకు ‘ఆరు’. ‘పద్నాలుగు’ను ‘పద్’, ‘నాలుగు’గా విరవవచ్చు. ‘ఏడు పదుల డెబ్బై’ వంటి చోట నాలుగో గంతు మాట లేకుండా సాగుతుంది, అది ఊపిరి తీసుకునే విరామం.

హిందీ మాధ్యమంలో చదివే పిల్లలకు ఈ కొలత వేరు. ‘సాత్ అఠే ఛప్పన్’లో యాభై ఆరుకు ఒకే మాట ఉంది కాబట్టి మూడు గంతులు చాలు. తెలుగు రాష్ట్రాల వెలుపల పెరుగుతున్న తెలుగు పిల్లల విషయంలో పెద్దలు ముందుగా ఒక భాషను ఎంచుకోవాలి. కంఠస్థం చేసిన లెక్క ఏ భాషలో నేర్చుకున్నారో ఆ భాషలోనే వేగంగా గుర్తుకొస్తుంది. బడిలో నోటిలెక్కలు ఏ భాషలో అడుగుతారో తాడు దగ్గర కూడా అదే భాష ఉండటం మంచిది.

పొడవాటి తాడు సుమారు క్షణానికి ఒక చుట్టు తిరుగుతుందనుకుంటే పది వరుసలకు నలభై గంతులు, అంటే నలభై క్షణాలు అవుతాయి. ఎనిమిదేళ్ల బిడ్డ ఆయాసపడేది, కాలు తగిలించుకునేది చివరి వరుసల దగ్గరే. అందుకే ఎక్కాన్ని రెండు ముక్కలు చేసి, ఒక విడతలో ఐదు వరుసలు, ఇరవై గంతులతో ఆపాలి.

వరుసను విరిచే మూడు ఆటలు

తొలి రెండు మూడు రోజులు అందరూ కలిసి వరుసగా పలకవచ్చు. ఆ తరువాత కూడా అలాగే కొనసాగిస్తే మొదట్లో చెప్పిన చిక్కు ఎదురవుతుంది. పాటలో ఒక చరణం గుర్తు రావాలంటే దాని ముందు చరణం అందుకోవలసి వచ్చినట్టే, ప్రతి జవాబూ దాని ముందున్న జవాబుకు కట్టుబడిపోతుంది. ఆ ముడిని విప్పడానికి ఆటను మూడు విధాలుగా మార్చాలి.

మొదటిది అందుకునే ఆట. తాడు తిప్పే ఇద్దరూ ‘ఏడు, ఆరుల’ అని రెండు గంతులకు ప్రశ్న వేస్తారు, గెంతే బిడ్డ తరువాతి రెండు గంతులకు ‘నలభై, రెండు’ అని అందుకోవాలి. వింటూ వెంట పలకడానికీ, జవాబును తానే వెతికి తీయడానికీ చాలా తేడా ఉంది. జ్ఞాపకం గట్టిపడేది ఆ వెతుకులాటలోనే.

రెండోది నడుమ నుంచి మొదలుపెట్టే ఆట. ‘ఏడైదుల ముప్పై ఐదు’ దగ్గర మొదలుపెట్టి పదుల వరకు గెంతాలి. ఐదో ఎక్కం ముందే వచ్చు కాబట్టి ముప్పై ఐదు పట్టుగొమ్మ అవుతుంది. అక్కడి నుంచి ఒక్క మెట్టు పైకి నలభై రెండు. డెబ్బై నుంచి కిందికి దిగుతూ చెప్పడం కూడా ఇందులో భాగమే, డెబ్బైకి ఒక్క మెట్టు కింద అరవై మూడు.

మూడోది చెదరగొట్టే ఆట. తిప్పేవారు వరుస లేకుండా అడుగుతారు. ముందుగా రెండు తెలిసినవి, తరువాత ఒక కొత్తది, మళ్లీ రెండు తెలిసినవి. జవాబు తోచకపోతే తాడు ఆగదు, బిడ్డ మాట లేకుండా గెంతుతూ ఉంటే తిప్పేవారే జవాబు చెప్పి, మరో రెండు ప్రశ్నల తరువాత అదే మళ్లీ అడుగుతారు.

ఒక బిడ్డ, పది రోజులు

ఏడో ఎక్కాన్ని వరుసగా చెప్పగలిగినా విడిగా అడిగితే తడబడే ఒక అమ్మాయిని ఊహించుకుందాం. మొదటి రోజు తాడు లేకుండా కూర్చోబెట్టి పది ప్రశ్నలు చెదరగొట్టి అడుగుతాం. ఏడు రెండ్లకు క్షణంలో, ఏడు నాలుగులకు మూడు క్షణాల్లో, ఏడు తొమ్మిదులకు ఎనిమిది క్షణాల్లో జవాబు వచ్చిందనుకుందాం. పై సంఖ్యకు పోయేకొద్దీ సమయం పెరుగుతున్నదంటే ఆమె ప్రతిసారీ మొదటి నుంచి వల్లిస్తున్నదని అర్థం.

రెండు, మూడో రోజుల్లో నాలుగేసి గంతుల లయ కుదురుతుంది. నాలుగో రోజు అందుకునే ఆటలో ‘ఏడెనిమిదుల’ అంటే ఆమె ‘యాభై నాలుగు’ అన్నది. ఇది గుడ్డి తప్పు కాదు. యాభై నాలుగు ఆరు తొమ్మిదుల జవాబు, పక్క ఎక్కం నుంచి చొరబడింది. ఇలాంటప్పుడు ‘తప్పు’ అని ఆపకుండా నలభై తొమ్మిది నుంచి ఒక్క మెట్టు ఎక్కించాలి: నలభై తొమ్మిదికి ఏడు కలిపితే యాభై ఆరు. ఆ రోజంతా ఆ ఒక్క వరుసే నాలుగైదుసార్లు, నడుమ వేరే ప్రశ్నలతో వస్తుంది.

ఏడో రోజుకల్లా నడుమ నుంచి మొదలుపెట్టే ఆట, ఎనిమిదో రోజున చెదరగొట్టే ఆట. పదో రోజు మళ్లీ తాడు లేకుండా అవే పది ప్రశ్నలు. ఏడు రెండ్లకూ, ఏడు తొమ్మిదులకూ పట్టే సమయం దాదాపు సమానమై, అన్నీ మూడు క్షణాల లోపు వస్తే ముడి విడిపోయినట్టే. తొమ్మిదులకే ఇంకా ఆలస్యమవుతుంటే ఆమెకు తాడు దగ్గర మాత్రమే వచ్చిందన్నమాట. అప్పుడు గంతులు పెంచడం వల్ల ప్రయోజనం లేదు, కూర్చుని అడిగే ప్రశ్నలు పెంచాలి.

తాడు చేయలేనిది

కదలికతో కూడిన గణిత పాఠాలపై నెదర్లాండ్స్‌లో రెండేళ్ల పాటు ప్రాథమిక పాఠశాలల్లో జరిగిన ఒక అధ్యయనం 2016లో వెలువడింది. అందులో పిల్లలు జవాబు ఎంతో అన్ని గంతులు వేయడం వంటివి చేశారు. గణితంలోనూ, అక్షరదోషాలు లేకుండా రాయడంలోనూ ఆ పిల్లలు ముందున్నారు, చదవడంలో మాత్రం తేడా కనిపించలేదు. ఆ పాఠాలు తాడాట కావు కాబట్టి ఆ ఫలితాన్ని యథాతథంగా దీనికి అన్వయించకూడదు.

గెంతడమే ఇంకా పట్టుబడని బిడ్డకు ఈ పద్ధతి మేలు కంటే కీడే చేస్తుంది. కాళ్ల మీద ధ్యాస, లెక్క మీద ధ్యాస ఒకదానితో ఒకటి పోటీపడి రెండూ చెడతాయి. తాకకుండా ఇరవై గంతులు వేయలేని పిల్లలకు తాడును నేల మీద పరిచి, అటూ ఇటూ అడుగు వేస్తూ పలికించాలి. ఉబ్బసం ఉన్నవారు, గెంతలేనివారు తాడు తిప్పుతూనో, కూర్చుని చప్పట్లతోనో అదే నాలుగు దెబ్బల లయను పాటించవచ్చు.

అన్నిటికంటే ముఖ్యంగా మార్చవలసింది ‘అవుట్’ నియమం. కాలు తగిలినవారో, జవాబు తప్పినవారో బయటికి పోవాలన్నది తాడాటలో పాత కట్టుబాటు. దానివల్ల అభ్యాసం ఎక్కువగా కావలసిన బిడ్డ అందరికంటే ముందు గోడవారగా నిలబడుతుంది, బాగా వచ్చినవారే మరిన్ని గంతులు వేస్తారు. పది మంది చూస్తుండగా అలా రెండుసార్లు బయటికి వచ్చిన బిడ్డకు ఏడో ఎక్కమంటేనే బెరుకు పుడుతుంది. బదులుగా, తప్పిన బిడ్డ తాడు కొస అందుకుని తరువాతివారికి ప్రశ్నలు వేయాలన్న నియమం పెడితే చాలు. ప్రశ్న వేసేవారు జవాబు సరైనదో కాదో గమనించాలి కాబట్టి తాను తప్పిన ‘ఏడెనిమిదుల’ను ఆ బిడ్డ ఈసారి మరో నలుగురి నోట వింటుంది. మళ్లీ తన వంతు వచ్చేసరికి యాభై ఆరు ఆమె నోటి చివరనే ఉంటుంది.