పెన్షన్ ఆలస్యమైతే ఉత్తరంలో ఏం రాయాలి?

ఒకటో తారీఖు దాటినా పెన్షన్ పడకపోతే ఎవరైనా ముందు బ్రాంచికే వెళ్తారు. ‘పైనుంచి రాలేదండీ’ అంటారు కౌంటర్లో. మళ్లీ వెళ్తే ‘అది మా చేతిలో లేదు, రాసి ఇవ్వండి, పంపిస్తాం’ అంటారు. అప్పుడు ఓ తెల్లకాగితం తీసుకుని, ముప్ఫై ఏళ్లు సర్వీసు చేశామని, మందులకు కూడా డబ్బుల్లేవని, దయచేసి వెంటనే పెన్షన్ ఇప్పించమని రాస్తారు. అందులో ప్రతి మాటా నిజమే. కానీ ఆ కాగితం చేతికందిన ఉద్యోగికి ఎవరి పెన్షన్, ఏ ఖాతా, ఏ నెల, ఎన్నాళ్ల ఆలస్యం అన్నవేవీ తెలియవు. పీపీఓ నంబరు లేని ఉత్తరంతో కంప్యూటర్లో మీ రికార్డు తెరవడమే కష్టం. ఆ కాగితం కట్టలో అడుగుకు చేరుతుంది.

పని జరిపించే ఉత్తరం ఎలా ఉంటుందో చూసేముందు, అది ఎవరికి చేరాలో తెలియాలి. కేంద్ర ప్రభుత్వ సివిల్ పెన్షనర్ల సంగతే తీసుకుందాం. ఉద్యోగి రిటైరైన శాఖలోని పే అండ్ అకౌంట్స్ ఆఫీసు పెన్షన్ పేమెంట్ ఆర్డరు, అంటే పీపీఓ, తయారుచేస్తుంది. అది ఢిల్లీలోని సెంట్రల్ పెన్షన్ అకౌంటింగ్ ఆఫీసు మీదుగా బ్యాంకుకు వెళ్తుంది. బ్యాంకులో దాన్ని అందుకునేది మన బ్రాంచి కాదు, సెంట్రలైజ్డ్ పెన్షన్ ప్రాసెసింగ్ సెంటర్. అందరూ సీపీపీసీ అంటారు. ప్రతినెలా లెక్కకట్టేదీ, కరువు భృతి కలిపేదీ, ఖాతాలోకి పంపేదీ ఆ సెంటరే. బ్యాంకు ముందు డబ్బు జమచేసి, తర్వాత ప్రభుత్వం నుంచి రాబట్టుకుంటుంది. బ్రాంచి చేతిలో ఉండేవి మన ఖాతా, మనం ఇచ్చే కాగితాలు మాత్రమే. అందుకే ఉత్తరం సీపీపీసీ పేరున రాసి, బ్రాంచి మేనేజరు ద్వారా పంపాలి.

పడాల్సిన తేదీ కూడా ఖాయంగా తెలిసుండాలి. ఏ నెల పెన్షన్ ఆ నెల చివరి పనిదినాన పడాలి. ఒక్క మార్చి నెలది మాత్రం ఏప్రిల్ మొదటి పనిదినాన పడుతుంది. ఇది తెలియక మార్చి 31న కంగారుపడి బ్యాంకుకు పరుగెత్తేవాళ్లు ఏటా ఉంటారు.

ఇప్పుడు ఒక ఉదాహరణ కల్పించుకుందాం. రాజమండ్రిలో ఉండే ఒకావిడకు భర్త పోయాక ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. 2023 జూన్‌లో హైదరాబాద్‌లో ఉన్న కొడుకు దగ్గరికి మారారు. అదే బ్యాంకు హైదరాబాద్ బ్రాంచిలో కొత్త ఖాతా తెరిచి, పాతది మూసేశారు. ఆమె మూల పెన్షన్ 15,150 రూపాయలు. అప్పటి కరువు భృతి 42 శాతం, అంటే 6,363. రెండూ కలిపి నెలకు 21,513. మే వరకు ఏ ఇబ్బందీ లేదు. ఆ తర్వాత మొదలైంది. ఆమె రాయాల్సిన ఉత్తరం ఇలా ఉండాలి:

హైదరాబాద్,
20-09-2023

పెన్షన్ ప్రాసెసింగ్ సెంటర్ అధికారి గారికి
(బ్రాంచి మేనేజర్ గారి ద్వారా)

విషయం: ఫ్యామిలీ పెన్షన్ – 2023 జూన్, జూలై నెలలది ఆలస్యంగా జమ కావడం, ఆగస్టుది ఇంతవరకు జమ కాకపోవడం గురించి.

ఆర్యా,

నేను కేంద్ర ప్రభుత్వ ఫ్యామిలీ పెన్షనరును. పీపీఓ నంబరు ………. అది నా భర్త కీ.శే. ………. గారి పేరున ఉంది. రాజమండ్రి బ్రాంచిలో నా పాత ఖాతా (చివరి అంకెలు 4471) 05-06-2023న మూసివేశారు. ప్రస్తుతం నా ఖాతా హైదరాబాద్ బ్రాంచిలో ఉంది (చివరి అంకెలు 8206). పెన్షన్ ఈ ఖాతాకు మార్చమని 02-06-2023న దరఖాస్తు ఇచ్చాను.

పాస్‌బుక్ ప్రకారం జమలు ఇవి. నెలకు రావలసింది రూ. 21,513.

మే: పడాల్సిన తేదీ 31-05, పడింది 31-05, పాత ఖాతాలో.
జూన్: పడాల్సిన తేదీ 30-06, పడింది 14-07, కొత్త ఖాతాలో. ఆలస్యం 14 రోజులు.
జూలై: పడాల్సిన తేదీ 31-07, పడింది 17-08, కొత్త ఖాతాలో. ఆలస్యం 17 రోజులు.
ఆగస్టు: పడాల్సిన తేదీ 31-08. నేటి వరకు పడలేదు.

ఖాతా మారిన నెల నుంచే ఆలస్యం మొదలైంది కనుక, మీ పెన్షన్ రికార్డులో కొత్త ఖాతా నమోదైందో లేదో దయచేసి చూడగలరు. ఆగస్టు పెన్షన్ వెంటనే జమ చేయవలసిందిగా, సెప్టెంబరు నుంచి సకాలంలో పడేలా రికార్డు సరిచేయవలసిందిగా, ఆలస్యమైన రోజులకు రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం ఏడాదికి 8 శాతం చొప్పున పరిహారం జమ చేయవలసిందిగా కోరుతున్నాను. ఆలస్యానికి కారణం రాతపూర్వకంగా తెలియజేయ ప్రార్థన.

నా లైఫ్ సర్టిఫికెట్ 10-11-2022న ఇచ్చాను.

ఇట్లు
భవదీయురాలు
……….

జత: పీపీఓ మొదటి పేజీ, పాస్‌బుక్ పేజీలు, ఖాతా మార్పు దరఖాస్తు రసీదు, లైఫ్ సర్టిఫికెట్ రసీదు – నకళ్లు.

పత్రికలో అచ్చు కనుక ఇక్కడ ఖాతాల చివరి అంకెలే ఇచ్చాం. అసలు ఉత్తరంలో పూర్తి నంబర్లు రాయాలి. పీపీఓ నంబరు పన్నెండు అంకెలూ ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని వేయాలి. ఫ్యామిలీ పెన్షన్ అయితే పీపీఓ ఎవరి పేరున ఉందో చెప్పడం మరిచిపోకూడదు. ఏటీఎం పిన్, ఓటీపీ మాత్రం ఉత్తరంలోనూ, ఫోనులోనూ ఎక్కడా ఇవ్వకూడదు. ‘లైఫ్ సర్టిఫికెట్ అప్‌డేట్ చేస్తాం, ఓటీపీ చెప్పండి’ అని ఫోన్ చేసేవాళ్లు దొంగలే.

ఈ ఉత్తరానికి ఆయువుపట్టు ఆ నాలుగు నెలల జమలు. ఆగస్టు ఒక్కటే రాసి ఊరుకుంటే చదివిన ఉద్యోగి ఆగస్టు డబ్బు పంపి ఫైలు మూసేస్తారు. సెప్టెంబరులో మళ్లీ మొదటికొస్తుంది. నాలుగు నెలలూ వరసగా కనిపిస్తే అసలు లోపం బయటపడుతుంది. మేలో సరిగ్గా పడింది, ఖాతా మారగానే గాడి తప్పింది, తర్వాత ప్రతిసారీ కనీసం రెండు వారాల జాప్యం. అంటే సెంటరు ఇంకా మూసేసిన ఖాతాకే పంపుతోందనీ, అది వెనక్కి వస్తే ఎవరో చేత్తో కొత్త ఖాతాలో వేస్తున్నారనీ అనుమానించవచ్చు. పాస్‌బుక్‌లో ఆ జమల పక్కన అచ్చయ్యే వివరం మే నెలలో ఉన్నట్టు లేకుండా మారిపోయి ఉంటే అనుమానం మరింత బలపడుతుంది. అందుకే ఆగిన నెలకు ముందు సక్రమంగా పడిన ఒక నెలైనా పట్టికలో ఉండితీరాలి.

జమల వరస ఒక్కో రోగానికి ఒక్కో రకంగా ఉంటుంది. నవంబరు దాకా సక్రమంగా పడి, డిసెంబరులో ఒక్కసారిగా ఆగిపోయిందా? ముందు లైఫ్ సర్టిఫికెట్ చూసుకోవాలి. అది ఏటా నవంబరులో ఇవ్వాలి. ఎనభై దాటినవాళ్లు అక్టోబరు నుంచే ఇవ్వొచ్చు. జీవన్ ప్రమాణ్ పద్ధతిలో ఇంటి నుంచే పంపినా, అది మీ పీపీఓకు, మీ ఖాతాకు సరిగ్గా జతపడిందా అని కనుక్కోవాలి. ఒక్క అంకె తప్పుగా కొడితే సర్టిఫికెట్ వెళ్లినట్టే కనిపిస్తుంది గానీ పెన్షన్ రికార్డుకు చేరదు. ఇలా ఆగిన పెన్షన్, సర్టిఫికెట్ అందాక బకాయిలతో సహా వస్తుంది. సర్టిఫికెట్ మనమే ఇవ్వకపోతే మాత్రం జాప్యం బ్యాంకుది కాదు కనుక పరిహారం అడగడానికి ఉండదు.

పరిహారం సంగతి చాలామంది పెన్షనర్లకు తెలియదు. పెన్షన్ గానీ బకాయిలు గానీ తమ వల్ల ఆలస్యంగా జమైతే, పడాల్సిన తేదీ నుంచి జాప్యమైన రోజులకు బ్యాంకులు ఏడాదికి 8 శాతం చొప్పున చెల్లించాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. 2008 అక్టోబరు 1 తర్వాత ఆలస్యంగా జరిగిన చెల్లింపులన్నిటికీ ఇది వర్తిస్తుంది. పెన్షనరు అడగకుండానే దానంతటదే జమ కావాలన్నది అందులోని మాట. మన ఉదాహరణలో 21,513కి ఏడాదికి 8 శాతమంటే 1,721 రూపాయలు. దాన్ని 365తో భాగిస్తే రోజుకు నాలుగు రూపాయల డెబ్భై పైసల చిల్లర. జూన్, జూలైలవి కలిపి 31 రోజులకు సుమారు 146 రూపాయలు. ఆ డబ్బుతో ఒరిగేదేమీ లేదు. కానీ పరిహారం ఇవ్వాలంటే ఆలస్యం ఎవరి వల్ల, ఎన్ని రోజులు జరిగిందో సెంటరు కాగితం మీద తేల్చాలి. అడగడంలోని అసలు లాభం అదే.

రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్ల దారి వేరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పెన్షన్ బిల్లు ఖజానా శాఖ నుంచి కదులుతుంది కనుక వాళ్ల ఉత్తరం సబ్ ట్రెజరీ అధికారికో, పెన్షన్ పేమెంట్ ఆఫీసుకో వెళ్లాలి. ట్రెజరీ నుంచి డబ్బే రాకపోతే బ్యాంకును 8 శాతం అడిగి లాభం లేదు. అలాగని ప్రభుత్వం ఎన్నాళ్లయినా ఆపుకోవచ్చనీ కాదు. కరోనా వేళ 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీతాలు, పెన్షన్లలో కొంత భాగం వాయిదా వేసింది. 12 శాతం వడ్డీతో చెల్లించమని హైకోర్టు చెప్పగా, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని 6 శాతానికి తగ్గించింది. వడ్డీ ఎంతన్నది మారింది గానీ, జాప్యానికి వడ్డీ ఇవ్వాల్సిందేనన్నది నిలిచింది.

ఉత్తరం రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకటి బ్రాంచిలో ఇచ్చి, రెండోదాని మీద తేదీతో స్టాంపు వేయించుకోవాలి. వేయమంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. ఈ తేదీ తర్వాత మెట్టుకు పునాది. నెల రోజుల్లో బ్యాంకు నుంచి జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in ద్వారా ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. అక్కడ మొదట అడిగేది బ్యాంకుకు ఎప్పుడు రాశారన్నదే. కేంద్ర పెన్షనర్లకు పెన్షన్ శాఖ వారి CPENGRAMS పోర్టల్ కూడా ఉంది. రెండు చోట్లా కొత్తగా కథ రాయనక్కర్లేదు, స్టాంపు పడిన ఉత్తరమే జతచేస్తే చాలు.

ఆగిన నెల పెన్షన్ పడగానే సమస్య తీరిందనుకోవద్దు. తర్వాతి నెలాఖరుకు పాస్‌బుక్ మళ్లీ ప్రింటు వేయించి, సరైన తేదీకి, సరైన మొత్తం, మునుపటి వివరంతోనే పడిందో లేదో చూడాలి. పడితే రికార్డు సరిచేశారన్నమాట. పడకపోతే అదే పట్టికకు ఇంకో వరస కలిపి, మొదటి ఉత్తరం తేదీ ఉటంకిస్తూ రెండోది రాయాలి.