ఇసుకలో మట్టి ఎంత?

గోడకు ప్లాస్టరింగ్ చేసి, రోజూ నీళ్లు కొడుతున్నా సాలెగూడులా సన్నటి పగుళ్లు తేలితే నింద ముందు సిమెంట్ మీదే పడుతుంది. కంపెనీ మార్చాల్సింది అంటారు. కానీ చాలాసార్లు తప్పు ఇసుకది. లారీ దిగిన రోజే ఆ సంగతి పట్టుకోవచ్చు.

మేస్త్రీలు గుప్పెడు ఇసుక తీసి అరచేతుల మధ్య నలిపి చూస్తారు. చేతికి మట్టి మరక అంటితే ఇసుక బాగాలేదన్నట్టే. ఆ అంచనాకు కొలత కావాలంటే అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పున్న గాజు సీసా తీసుకోండి. కుప్ప పైన ఉన్న ఇసుక ఒక్కటే కాకుండా, నాలుగు చోట్ల లోపలి నుంచి కూడా తీసి కలిపి, సీసాలో సగం దాకా పోయండి. అర లీటరు నీళ్లలో ఒక చెంచా ఉప్పు కరిగించి ఇసుక మునిగి, పైన ఇంకా నీళ్లు నిలిచేంత పోసి, గట్టిగా కుదిపి, కదపకుండా 3 గంటలు ఉంచండి. ఉప్పు వల్ల మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని త్వరగా కిందికి దిగుతాయి. అడుగున ఇసుక, దాని మీద మెత్తటి బురద పొర, ఆపైన తేట నీళ్లు నిలుస్తాయి. స్కేలు పెట్టి కొలవండి. ఇసుక 10 సెంటీమీటర్లు, బురద 1.2 సెంటీమీటర్లు ఉంటే మట్టి 12 శాతం. ఈ పరీక్షలో 8 శాతం దాటిన ఇసుకను కడగనిదే వాడకూడదు.

ఎందుకంటే ఆ మెత్తటి మట్టి ఇసుక గింజల చుట్టూ పొరలా పట్టుకుంటుంది. సిమెంట్ రాతి గింజను పట్టుకోవాల్సింది పోయి మట్టిని పట్టుకుంటుంది. పైగా ఆ మట్టి నీళ్లు బాగా తాగుతుంది. 50 కిలోల బస్తాకు 25 లీటర్ల నీళ్లతో కలిసే కాంక్రీట్ అదే జారుడుకు రావాలంటే ఇంకో 5 లీటర్లు పోయాల్సి వచ్చిందనుకుందాం. సిమెంట్ బరువులో సగం ఉన్న నీరు 0.6 వంతుకు పెరిగింది. సిమెంట్‌కు అక్కర్లేని నీరు ఆరిపోతూ లోపల సన్నటి ఖాళీలు వదిలేస్తుంది, స్లాబ్ బలం తగ్గుతుంది. ప్లాస్టరింగ్‌లోనైతే పూత ఆరుతూ ముడుచుకుని పగుళ్లిస్తుంది. గోడ మీద వేలితో కొడితే కొన్నిచోట్ల డొల్ల శబ్దం వస్తుంది. అక్కడ పూత గోడను వదిలేసిందన్నమాట.

ఏటి ఇసుక గింజ నీటిలో దొర్లి దొర్లి నునుపుగా ఉంటుంది కాబట్టి తక్కువ నీళ్లకే మాల్ మెత్తగా కదులుతుంది. అందుకే మేస్త్రీలకు గోదావరి, కృష్ణ ఇసుక అంటే అంత ఇష్టం. అయితే ప్రవాహం మందగించే చోట ఒండ్రు దిగుతుంది కనుక ఒకే ఏటి ఇసుకైనా రేవు రేవుకీ మారుతుంది. పేరు చూసి నమ్మడం కంటే సీసా పరీక్ష నయం. తవ్వి తీసిన ఇసుకలో గింజకే ఎర్రమట్టి పట్టి ఉంటుంది. హైదరాబాద్ చుట్టుపక్కల మట్టిని తవ్వి కడిగి అమ్మే ఫిల్టర్ ఇసుకదీ ఇదే తంటా. సరిగా కడగకపోతే ఆ పొర గింజను వదలదు.

రాయి పగలగొట్టి చేసే ఎం-శాండ్ దగ్గర మాత్రం లెక్క మారుతుంది. దానిలోని మెత్తటి పొడి మట్టి కాదు, రాతి పొడి. అందుకే కాంక్రీట్ ఇసుకకు వర్తించే భారత ప్రమాణం ఐఎస్ 383లో 75 మైక్రాన్లకన్నా సన్నటి పొడి ఏటి ఇసుకలో బరువులో 3 శాతం దాటకూడదని ఉంటే, ఎం-శాండ్‌కు 15 శాతం దాకా అనుమతి ఉంది. కాబట్టి సీసాలో మందమైన పొర కనబడగానే ఎం-శాండ్‌ను తిప్పి పంపక్కర్లేదు. ఆ పొరను తీసి ఎండబెట్టండి. వేళ్ల మధ్య పిండిలా చిట్లితే రాతి పొడి. గట్టి గడ్డకట్టి నలగనంటే అది బంకమట్టి. క్వారీలో రాయి మీది మట్టిని తొలగించకుండా క్రషర్‌లో వేస్తే ఇలా వస్తుంది. కంకర కొట్టగా మిగిలిన క్రషర్ డస్ట్‌ను ఎం-శాండ్ పేరుతో అంటగట్టడం మరో మోసం. డస్ట్‌లో పలకల్లాంటి ముక్కలుంటాయి, గింజల సైజుకు అదుపుండదు.

ఆ సైజు సంగతీ మట్టంత ముఖ్యమే. పెద్ద గింజల సందుల్లో మధ్యరకం, వాటి సందుల్లో సన్నవి కూర్చుంటే సిమెంట్ పూడ్చాల్సిన ఖాళీ తగ్గుతుంది. స్లాబ్‌కు వాడే ముతక ఎం-శాండ్‌తో ప్లాస్టరింగ్ చేస్తే తాపీకి గరగరా తగులుతూ మాల్ గోడ మీద నిలవక జారుతుంది. ఆ పనికి గింజలన్నీ దాదాపుగా 2.36 మిల్లీమీటర్ల జల్లెడలో దిగే పీ-శాండ్ అడగాలి. మరీ సన్న ఇసుక స్లాబ్‌కు పనికిరాదు. 600 మైక్రాన్ల జల్లెడలో నూటికి 80 పాళ్లకు మించి దిగిపోయే ఇసుకను, ముందుగా పరీక్షించి చూడకుండా ఇనుము వేసే కాంక్రీట్‌లో వాడొద్దని అదే ప్రమాణం చెబుతుంది.

మనం కొలిచిన ఆ 12 శాతం ఇసుకను కడిగి వాడుకోవచ్చు. కానీ మట్టితోపాటు సన్న గింజలూ కొంత కొట్టుకుపోతాయి. స్లాబ్‌కు దానితో పెద్ద ఇబ్బంది ఉండదు. ప్లాస్టరింగ్‌కైతే శుభ్రమైన సన్న ఇసుక కొంత కలుపుకుని, ముందు ఒక గజం గోడ మీద పూసి, ఆరాక చూసి మిగతా పని మొదలుపెట్టించాలి.