మనోవైద్య మెటా విశ్లేషణల్లో ప్రచురణ పక్షపాతం: ఫనెల్ ప్లాట్ పరిమితి

టర్నర్ బృందం 2008లో 12 కుంగుబాటు మందులపై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వద్ద నమోదైన 74 అధ్యయనాలను పత్రికల్లో వెలువడిన వాటితో పోల్చింది. ఆ సంస్థ అనుకూలమని తేల్చిన 38 అధ్యయనాల్లో 37 ప్రచురితమయ్యాయి. మిగిలిన 36లో 22 అచ్చుకాలేదు; 11 అనుకూల ఫలితాలుగా వెలువడ్డాయి. దీనివల్ల 0.31గా ఉన్న ప్రభావ పరిమాణం పత్రికల్లో 0.41గా కనిపించింది.

చిన్న అధ్యయనాల్లో పెద్ద ప్రభావం చూపినవే మిగిలినప్పుడు ఫనెల్ ప్లాట్ సౌష్ఠవం కోల్పోతుంది. మొరెనో బృందం 2009లో ఈ ప్రచురిత ఫలితాలనే రిగ్రెషన్‌తో సవరించగా 0.29 వచ్చింది. ఆ సవరణ వాస్తవానికి దగ్గరగా ఉందని తెలిసింది నియంత్రణ సంస్థ దస్త్రాల వల్లనే. చిన్న అధ్యయనాల్లో వ్యాధి తీవ్రంగా ఉన్నవారే ఎక్కువగా చేరినా ప్లాట్ అలాగే ఒరగవచ్చు. కారణం ఏదో రిగ్రెషన్ చెప్పలేదు. కనుక సవరించిన అంకెతో ఆగక, నమోదై ప్రచురణకు రాని అధ్యయనాలను రిజిస్ట్రీల్లో వెతకడం అవసరం.