తరగతి చెత్తబుట్టే పాఠం

తగ్గించడం, మళ్ళీ వాడడం, రీసైకిల్ చేయడం అనే మూడు మాటలను ప్రైమరీ పిల్లలకు ఎలా నేర్పాలని మన సంఘాల్లోని టీచర్లు అడుగుతున్నారు. సాధారణంగా ఖాళీ సీసాతో పెన్ను స్టాండు చేసుకు రమ్మంటారు. ఇంట్లో ఖాళీ సీసా లేకపోతే అమ్మ కూల్‌డ్రింక్ కొంటుంది! పాఠం అక్కడే తలకిందులైంది. అందుకే కొత్తగా ఏదీ తెప్పించకుండా, తరగతి చెత్తబుట్టతోనే మొదలుపెట్టమంటాం.

భోజన విరామం తరువాత నేలమీద పాత న్యూస్‌పేపర్ పరచి, టీచరు గ్లౌజులు తొడుక్కుని బుట్టను దానిపై కుమ్మరించాలి. పిల్లలు చూస్తూ చెబుతుంటే తడి చెత్త, కాగితం, ప్లాస్టిక్ అని మూడు కుప్పలు పెట్టాలి. ఇంట్లో ఆకుపచ్చ డబ్బా తడిచెత్తకు, నీలం డబ్బా పొడిచెత్తకు అని వారికి అప్పుడు సులువుగా అర్థమవుతుంది. ఒక్కో కుప్పలో ఎన్ని ఉన్నాయో బోర్డు మీద రాయాలి. ముప్పై మంది ఉన్న తరగతిలో ఇరవై చిప్స్ ప్యాకెట్లు వచ్చాయనుకోండి. ఇప్పుడు ఒకే ప్రశ్న: "వీటిలో ఏది రాకుండా ఉండగలిగేది?" తగ్గించడం అంటే అదే. మూడు మాటల్లో అది ముందుండడానికి కారణం కూడా అదే.

తరువాత కాగితం కుప్ప. ఒకవైపే రాసిన కాగితాలను కుట్టి రఫ్ నోట్‌బుక్ చేయాలి. రెండువైపులా నిండినవాటిని చిన్న ముక్కలుగా చింపి రాత్రంతా నానబెట్టి, మర్నాడు మెత్తగా పిసికి, దోమల నెట్ మీద పలుచగా పరచి, పాత గుడ్డతో నీళ్ళు అద్ది ఎండబెట్టాలి. మందంగా పరిస్తే లోపల ఆరదు, ముట్టుకుంటే విడిపోతుంది. ఎండ సరిగా లేకపోతే రెండు మూడు రోజులు పడుతుంది.

మిగిలినవి చిప్స్ ప్యాకెట్లు. ఒకదాన్ని పిడికిట్లో నలిపి వదలమనండి. రేకు కాగితమైతే నలిగినట్టే ఉండిపోతుంది, ప్యాకెట్ మళ్ళీ విచ్చుకుంటుంది. అది ప్లాస్టిక్ పొరలకు లోహపు పూత పట్టించినది. ఆ పొరలను విడదీయడం కష్టం, అందుకే పాత సామాను కొనేవారు దాన్ని తీసుకోరు. మన సైనిక్‌పురిలో స్వచ్ఛ ఆటో ఎక్కించుకున్న చెత్త, నగరంలోని చాలా చెత్తలాగే, కొద్ది దూరంలోనే ఉన్న జవహర్‌నగర్ యార్డుకు చేరుతుంది. ఆ పరిసరాల్లో కాపురముండే పిల్లలు మన తరగతుల్లోనే ఉంటారు. ఆ వాసన గురించి వాళ్ళకు టీచరు చెప్పనక్కరలేదు.

వారం తరువాత అదే రోజు, అదే వేళకు మళ్ళీ లెక్కపెట్టాలి. ఇరవై పదిహేను అయినా బోర్డు మీద పాత అంకె పక్కనే రాయాలి. ఒక జాగ్రత్త మాత్రం అవసరం: ఎవరి ప్యాకెట్ ఏదో అడగకూడదు. తెల్లవారక ముందే పనికి వెళ్ళే తల్లి చేతికందింది పెట్టి పంపుతుంది, ఆ బిడ్డ తరగతిలో తల వంచుకోవలసిన పని లేదు. అలాంటివారి కోసం టీచరే ఓ డబ్బాలో మరమరాలు ఉంచితే మంచిది.