లిఫ్టు కోసం నెలకు 700



వచ్చే నెల నుంచి మెయింటెనెన్స్‌తో పాటు సింకింగ్ ఫండ్ కింద 700 రూపాయలు ఎందుకు అడుగుతున్నామో ట్రెజరర్‌గా వివరంగా చెప్పాలనుకుంటున్నాను.

మన లిఫ్టుకు పన్నెండేళ్లు నిండాయి. ఏటా కట్టే సర్వీస్ కాంట్రాక్టు నూనె, సర్దుబాట్లు, చిన్నచిన్న రిపేర్లకే సరిపోతుంది. మొత్తం లిఫ్టు మార్చే ఖర్చు అందులో లేదు. ఇప్పటికే మూడో అంతస్తులో అది గడపకు అంగుళం కిందే ఆగుతోంది, సరిచేయించినా మళ్లీ మామూలే. ఇంకో పదేళ్లకు కంట్రోల్ బోర్డు విడిభాగాలు దొరకడం కూడా కష్టమే.

కొత్త లిఫ్టుకు ఈరోజు వచ్చిన కొటేషన్ 12 లక్షలు. ధర ఏటా 6 శాతం పెరిగిందనుకుంటే పదేళ్లకు దాదాపు 21 లక్షల 50 వేలు. అప్పటిదాకా ఆగితే ఇరవై ఫ్లాట్లలో ఒక్కొక్కరూ ఒకేసారి లక్షకు పైగా తీయాలి. రిటైరైన వాళ్లకు అది ఎంత భారమో నాకు తెలుసు.

అదే నెలకు 700 చొప్పున అయితే 14 వేలు జమవుతాయి. బ్యాంకు వడ్డీపై పన్ను పోను 5 శాతం మిగిలినా, 120 నెలల్లో 21 లక్షల 70 వేలు దాటుతుంది. వడ్డీ తగ్గినా, ధర ఎక్కువ పెరిగినా ఈ లెక్క తప్పుతుంది కనుక రెండేళ్లకోసారి కొత్త కొటేషన్ తెప్పించి సవరిద్దాం.

ఈ డబ్బు వేరే ఖాతాలో ఉంటుంది. పెయింటింగ్‌కో, బోరుకో వాడడానికి వీల్లేదు, జనరల్ బాడీ తీర్మానం లేనిదే ఒక్క రూపాయి తీయం. ఇది కట్టాల్సింది ఓనరే, అద్దెకున్నవారు కాదు. ఫ్లాట్ అమ్మితే కట్టింది తిరిగి రాదు, కొన్నవారికే చెందుతుంది. అమ్మేటప్పుడు ధరలో ఆ మొత్తం కలిపి మాట్లాడుకోండి.

ట్రెజరర్