నాన్నమ్మ మోకాళ్లతో విశాఖ, అరకు చూడాలంటే

విజయవాడ నుంచి విశాఖ, అరకు వెళ్లొద్దామనుకున్న ఇంట్లో ప్లాన్ సాధారణంగా ఒకేలా ఉంటుంది. తెల్లవారుజామున బయల్దేరాలి, మధ్యాహ్నానికి విశాఖ చేరాలి. సాయంత్రంలోగా సింహాచలం, కైలాసగిరి, సబ్‌మెరైన్, బీచ్ అయిపోవాలి. మర్నాడు అరకు వెళ్లి, బొర్రా గుహలు చూసుకుని, రాత్రికి రైలెక్కాలి. పాతికేళ్ల కుర్రాళ్లకు ఇది సరదా. అదే కారులో మోకాళ్లు అరిగిన డెబ్బై రెండేళ్ల నాన్నమ్మ, షుగర్, బీపీ ఉన్న డెబ్బై ఆరేళ్ల తాతయ్య ఉంటే, రెండో రోజు మధ్యాహ్నానికి ప్లాన్ మొత్తం ఆగిపోతుంది. అప్పుడు ఇద్దరూ అనే మాట కూడా ఒకటే: ‘మీరు వెళ్లి చూసి రండి, మేం కారులో కూర్చుంటాం.’

ఆ మాట వారి నోట రాకుండా ప్లాన్ వేయడం సాధ్యమే. చూడాల్సిన చోట్ల జాబితాతో కాకుండా, అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషితో మొదలుపెట్టాలి.

ఆ మనిషి ఎంత నడవగలరో నోటితో అడిగితే సరైన జవాబు రాదు. ‘నాకేం, నడుస్తాను’ అంటారు. అందుకే ప్రయాణానికి రెండు వారాల ముందు సాయంత్రం పూట వాళ్లతో కలిసి వీధి చివరిదాకా నడిచి చూడాలి. ఎన్ని నిమిషాలకు అడుగు చిన్నదైంది, ఎక్కడ గోడ పట్టుకున్నారు, ఎక్కడ కూర్చుందామన్నారు అన్నది గమనించాలి. పది నిమిషాలకే కూర్చోవాలనిపించిందంటే, టూర్లో ఎక్కడైనా పది నిమిషాల నడక దూరంలో కూర్చునే చోటు ఉండాలన్నమాట. మెట్లు కూడా ఒకసారి ఎక్కించి, దించి చూడాలి. మోకాళ్ల అరుగుదల ఉన్నవారికి ఎక్కడం కంటే దిగడం ఎక్కువ బాధ. గుండె, ఆయాసం సమస్య ఉన్నవారికి ఎక్కడమే కష్టం. పైన చెప్పిన ఇంట్లో నాన్నమ్మకు దిగేటప్పుడు ఇబ్బంది, తాతయ్యకు ఎక్కేటప్పుడు. ఈ తేడా బొర్రా గుహల దగ్గర పనికొస్తుంది.

ఇప్పుడు రైలు. ఈ ప్రయాణానికి రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో పెద్దవాళ్లకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. అది విజయవాడలోనే బయల్దేరి విశాఖలోనే ఆగిపోతుంది. మధ్య స్టేషన్‌లో రెండు నిమిషాలు ఆగే రైలెక్కేటప్పుడు తోపులాటలో కాలు జారే ప్రమాదం ఎక్కువ. బయల్దేరే స్టేషన్‌లోనైతే ముందే వెళ్లి, సామాను ఎక్కించి, తీరిగ్గా చెయ్యి పట్టుకుని ఎక్కించవచ్చు. దిగేటప్పుడూ అంతే, అందరూ దిగిపోయాక దిగవచ్చు. హైదరాబాద్ వైపు నుంచి రాత్రి రైల్లో వచ్చేవాళ్లకు మరో మెలిక ఉంది. సీనియర్ సిటిజన్ కోటాలో లోయర్ బెర్త్ కావాలంటే ఆ టికెట్ మీద ఒక్కరో ఇద్దరో మాత్రమే ఉండాలి. ఆరుగురికీ కలిపి ఒకే టికెట్ తీస్తే ఆ కోటా వర్తించదు. కాబట్టి పెద్దవాళ్లిద్దరికీ విడిగా ఒక టికెట్ తీసి, మిగతావాళ్లకు అదే బోగీలో మరో టికెట్ తీయడం మేలు.

మొదటి రోజు విశాఖ చేరేసరికి మధ్యాహ్నమవుతుంది. ఆ రోజు చూడటానికి ఏమీ పెట్టుకోకూడదు. గది, భోజనం, రెండు గంటల నిద్ర, సాయంత్రం బీచ్ రోడ్డు చాలు. ఇసుకలో చేతికర్ర దిగబడుతుంది, వీల్‌చైర్ అసలు కదలదు. ఫుట్‌పాత్ మీద కూర్చుంటే అక్కడి నుంచే సముద్రం కనిపిస్తుంది. ఆ రోడ్డు పక్కనే ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి ఉంది. 2002 నుంచి అది మ్యూజియం. లోపల దారి ఇరుకు. ఒక గదిలోంచి మరో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి తలుపు అంచు మీదుగా తల వంచి, కాలెత్తి దాటాలి. మోకాలు వంగనివారిని అందులోకి తీసుకెళ్లడం తప్పు. మధ్యలో ఇబ్బందైతే వెనక వచ్చేవాళ్లను దాటుకుని వెనక్కి రావడం కూడా కష్టమే. పిల్లలు లోపల చూస్తుంటే పెద్దవాళ్లు బయటి నుంచి దాని పూర్తి పొడవు చూడవచ్చు.

గది బుక్ చేసేటప్పుడు ‘లిఫ్ట్ ఉందా?’ అని అడిగితే సరిపోదు. ఉందనే చెబుతారు. కానీ చాలాచోట్ల లిఫ్ట్ దాకా చేరడానికే ఆరేడు మెట్లుంటాయి. కారు ఆగిన చోటు నుంచి మంచం దాకా మొత్తం ఎన్ని మెట్లని అడగాలి. బాత్‌రూమ్ ఫొటో వాట్సాప్‌లో పంపమనాలి. వెస్టర్న్ టాయిలెట్ ఉందా, గోడకు పట్టుకునే కడ్డీ ఉందా, గుమ్మం దగ్గర గడప ఎంత ఎత్తుందో ఫొటోలో తెలిసిపోతుంది. కొత్త గదిలో రాత్రి రెండు గంటలకు, నిద్రమత్తులో, చీకట్లో బాత్‌రూమ్‌కు లేవడమే ఈ టూర్ మొత్తంలో అన్నిటికంటే ప్రమాదకరమైన నడక. ఒక చిన్న నైట్ ల్యాంప్, కింద పరవడానికి రబ్బరు మ్యాట్ ఇంటి నుంచే తీసుకెళ్లాలి. స్నానానికి కూర్చునేందుకు ప్లాస్టిక్ కుర్చీ అడిగితే హోటల్ వాళ్లే ఇస్తారు.

రెండో రోజు ఉదయం సింహాచలం. కొండ మీదికి వాహనాలు వెళ్తాయి కాబట్టి మెట్ల దారి అవసరం లేదు. శని, ఆదివారాలు కాకుండా మిగతా రోజుల్లో తొందరగా వెళ్తే క్యూలో నిలబడే సమయం తగ్గుతుంది, కాళ్ల కింద రాయి కూడా వేడెక్కదు. అక్షయ తృతీయ నాటి చందనోత్సవం రోజున స్వామి నిజరూపం చూడాలని పెద్దవాళ్లకు కోరిక ఉండవచ్చు. కానీ ఆ రోజు వచ్చే జనంలో కర్ర పట్టుకుని గంటల తరబడి నిలబడటం వారి వల్ల కాదు. ఆ ఒక్క రోజు వద్దు. దర్శనమయ్యాక గదికి వచ్చి భోజనం, నిద్ర. సాయంత్రం ఓపికుంటే కైలాసగిరి మీదికి కారులోనే వెళ్లవచ్చు. ఓపిక లేకపోతే మానేయవచ్చు. కష్టమైన చోటు రోజుకు ఒక్కటే, అదీ మధ్యాహ్నం లోపే.

మూడో రోజు అరకు. విశాఖ నుంచి దాదాపు 115 కిలోమీటర్లు. వెళ్లడానికి రైలు, రావడానికి కారు మంచిది. పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలు కూడా విశాఖలోనే మొదలవుతుంది. ఇనుప ఖనిజం తరలించడానికి 1960లలో వేసిన ఈ కొండల లైను మీద రైలు నెమ్మదిగా సొరంగాలు దాటుకుంటూ వెళ్తుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో వచ్చే వాంతులు, తల తిరగడం ఇందులో ఉండవు. పెద్ద అద్దాలున్న విస్టాడోమ్ బోగీలో సీట్లు దొరికితే కూర్చున్నచోటి నుంచే లోయలన్నీ కనిపిస్తాయి. అద్దె కారు సామానుతో రోడ్డు మీద వచ్చి అరకులో కలుస్తుంది.

అరకులో మధ్యాహ్నం విశ్రాంతి తీసుకున్నాక గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట చాలు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలైన తోట అది. లోపల తిరిగే చిన్న రైలు నడుస్తుంటే నాన్నమ్మ నడవకుండానే తోట చూడవచ్చు. చాపరాయి దగ్గర తడి బండలు జారుతాయి, అక్కడికి వద్దు. రాత్రికి అరకులోనే ఉండాలి. డిసెంబర్, జనవరిలో అక్కడ రాత్రి చలి పది డిగ్రీల లోపుకు దిగుతుంది. స్వెటర్, సాక్సులు, చెవులకు మఫ్లర్ తప్పనిసరి.

నాలుగో రోజు తిరుగు దారిలో బొర్రా గుహలు. ఈ టూర్లో మెలిక ఇక్కడే ఉంది. గుహలోకి వందల మెట్లు దిగాలి, మళ్లీ అన్నీ ఎక్కాలి. లోపల తేమకు కొన్నిచోట్ల మెట్లు జారతాయి. లోపలి శివలింగం దగ్గరికి నిటారుగా ఉన్న ఇరుకు మెట్లెక్కాలి. శివుడున్నాడని తెలిశాక నాన్నమ్మ ఆగదు. ఆ సంగతి ముందు రోజు రాత్రే మాట్లాడుకోవాలి, గుహ ముందు నిలబడి కాదు. చెయ్యి పట్టుకుని కొన్ని మెట్లు దిగితే గుహ మొదటి భాగం, పైకప్పు ఎత్తు కనిపిస్తాయి. అక్కడి నుంచి వెనక్కి వచ్చేయాలి. దిగిన ప్రతి మెట్టూ తిరిగి ఎక్కాలి కాబట్టి, ఆయాసం ఉన్న తాతయ్య పైనే ఉండటం మంచిది. పెద్దవాళ్లను ఒంటరిగా వదలకుండా ఇంట్లో ఒకరు వాళ్లతో ఉండాలి. పిల్లలు తిరిగొచ్చాక ఆ ఒకరు లోపలికి వెళ్లొస్తారు. పైన కొండగాలిలో టీ తాగుతూ కూర్చోవడం, కారులో కూర్చోవడం ఒకటి కాదు.

కారులో పెద్దవాళ్లకు మధ్య వరుస సీట్లే ఇవ్వాలి. పెద్ద బండి మెట్టు ఎత్తుగా ఉంటుంది, ఆరంగుళాల చిన్న స్టూలు డిక్కీలో ఉంటే ఎక్కడం సులువు. బొర్రా నుంచి అనంతగిరి, టైడా మీదుగా ఘాట్ దిగితే శృంగవరపుకోట. గంటన్నరకోసారి బండి ఆపాలి. ఆపినప్పుడు దింపి ఐదు నిమిషాలు నడిపించాలి, లేకపోతే పాదాలు వాస్తాయి. మ్యాపు మూడు గంటలంటే ఐదు గంటలుగా లెక్క వేసుకోవాలి.

ఇక్కడ చాలా ఇళ్లు గమనించని విషయం ఒకటుంది. దారిలో టాయిలెట్ దొరుకుతుందో లేదోనన్న భయంతో పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఎవరికీ చెప్పకుండా నీళ్లు తాగడం మానేస్తారు. మధ్యాహ్నానికి నోరు ఎండుతుంది, తల తిరుగుతుంది, మూత్రం ముదురు పసుపుగా మారుతుంది. నాన్నమ్మ చేతిలో ఇచ్చిన సీసా మధ్యాహ్నానికీ నిండుగానే ఉందంటే కారణం దాహం లేకపోవడం కాదు. ‘ఇంకో అరగంటలో ఫలానా బంకు దగ్గర ఆగుతాం, అక్కడ వెస్టర్న్ టాయిలెట్ ఉంది’ అని ముందే చెబితే నీళ్లు తాగుతారు. బీపీకి నీటి మాత్ర వేసుకునేవారు ప్రయాణం రోజు దాన్ని ఏ వేళకు వేసుకోవాలో డాక్టర్‌నే అడగాలి. సొంతంగా మానకూడదు. షుగర్ మాత్ర వేసుకున్న తాతయ్యకు భోజనం ఆలస్యమైతే చెమటలు, వణుకు, మాట తడబడటం కనిపిస్తాయి. మెలకువగా ఉండి మింగగలిగితే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. మందులు ఎప్పుడూ చేతి సంచిలోనే ఉండాలి, డిక్కీలో కాదు.

నాలుగో రోజు రాత్రి విశాఖలో నిద్ర, ఐదో రోజు మధ్యాహ్నం రత్నాచల్‌లో తిరుగు ప్రయాణం. రెండు రోజుల ప్లాన్ ఐదు రోజులైంది, ఖర్చు కూడా పెరుగుతుంది. ఆ ఖర్చు కుదరనివారు అరకు వదిలి విశాఖ మాత్రమే మూడు రోజులు చూడటం నయం, అన్నిటినీ రెండు రోజుల్లో ఇరికించడం కంటే. టికెట్లు తీసే ముందు ఈ ప్లాన్‌ను తాతయ్యకు, నాన్నమ్మకు చదివి వినిపించండి. వాళ్లు తప్పక చూడాలనుకునే చోటు ఏదో అడగండి. దాన్ని రెండో రోజు ఉదయానికి పెట్టి, మిగతావి దాని చుట్టూ సర్దుకోండి.